మేనత్త అడగాల్సిన మాట

దర్జీ ఫోన్ చేసినప్పుడు రోబినా చెయ్యి మణికట్టు దాకా కాఫీ గింజల్లో ఉంది.

"శనివారానికల్లా గౌను అయిపోవాలంట కదా. భుజాల కొలత లేకుండా ఎట్లా కుట్టను? మీ అమ్మ ఇచ్చిన కొలత నువ్వు పదో క్లాసులో ఉన్నప్పటిదిలా ఉంది."

"ఏ గౌను?"

దర్జీ నవ్వింది. "సిగ్గెందుకమ్మా నా దగ్గర. మీ మేనత్తగారింటికి ఆ కిజితో అబ్బాయి, వాళ్ళ వాళ్ళు నిన్ను అడగడానికి వస్తున్నారుగా. ఊదా రంగు గుడ్డ. నడుంపట్టీ బంగారు రంగు. చేతులు కత్తిరించేశాను కూడా."

రోబినా ఫోన్ పెట్టేసింది. ఎదురుగా లారీ మీంచి దించిన బస్తాలు వరసగా ఉన్నాయి. రైతులు గుమ్మం దగ్గర నిలబడి ఆమె చేతి వైపే చూస్తున్నారు. ఆమె ఇనుప గొట్టం తీసుకుని తర్వాతి బస్తాలోకి పొడిచి తిప్పింది. గొట్టంలోకి జారిన గింజల్ని పళ్ళెంలోకి వంచి, నల్లవి ఒక పక్కకి, విరిగినవి ఒక పక్కకి, పురుగు తొలిచినవి ఇంకో పక్కకి వేళ్ళతో తోసింది. పిడికెడు గింజలు తేమ చూసే మిషన్లో పోసింది. తేమ పదిహేనున్నర శాతం.

"ఇంకా ఎండబెట్టాలి తాతా," అంది ఆ బస్తా తెచ్చిన ముసలాయనతో.

"నాలుగు రోజులు ఎండబెట్టానమ్మా."

"ఇంకో రెండు రోజులు పెట్టు. ఇట్లాగే తీసుకుంటే గోదాంలో బూజు పడుతుంది."

ఆయన గొణుక్కుంటూ బస్తా మూతి కట్టుకున్నాడు. రోబినా పుస్తకంలో రాయబోయి, ఏ బస్తా సంగతి రాయాలో మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచి గొట్టం పొడిచింది. పక్క బల్ల దగ్గర జల్లెడ పడుతున్న హరియెట్ చూసి, "ఏంటే, అందరికంటే ముందు మాకు చెప్పవా? శనివారం మాక్కూడా భోజనమా?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"మార్కెట్లో అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు. ఏడేళ్ళుగా కిజితోతో తిరుగుతున్నది ఆమె. కిజితో ఆమె మేనత్త ఇంటికి పెళ్ళి అడిగే ఉత్తరం తీసుకుని వస్తున్నాడన్న సంగతి ఆమెకి చివర్న, దర్జీ నోట తెలిసింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ బోడాబోడా మోటార్‌సైకిల్ వెనక అరటి గెల కట్టించుకుని దిగింది. రోబినా అద్దె గది ముందు వరండాలో కూర్చుని, కత్తికి నూనె రాసుకుని మటోకె అరటికాయల తొక్క తీయడం మొదలుపెట్టింది. వచ్చిన పని అదేనన్నట్టు.

"అమ్మా, నన్ను అడగలేదేం?"

"ఏమని అడగాలి?"

"శనివారం సంగతి."

వాళ్ళమ్మ కత్తి ఆపలేదు. పచ్చి తొక్క పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ ఒళ్ళోకి జారుతోంది. "పిల్లాడు ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నా దగ్గరకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మా, రానా అన్నాడు. ఏమనమంటావు? ఉండు నాయనా, ఏడేళ్ళు సరిపోలేదేమో మా అమ్మాయిని అడిగి చెప్తానని అనమంటావా?"

"అనొచ్చుగా."

"నీకు ముప్పై రెండు. నీ చెల్లెలికి ఇద్దరు. ఏడేళ్ళు వాడితో సినిమాలకెళ్ళావు, పెళ్ళిళ్ళకెళ్ళావు, వాడి చెల్లెలి పెళ్ళిలో వాళ్ళింటి కోడల్లా వడ్డించావు. వాడితో ఏమన్నా తేడా ఉందా? చెప్పు, ఇప్పుడే వెళ్ళి ఆపిస్తాను. తాగుతాడా?"

"లేదు."

"చెయ్యి చేసుకున్నాడా? ఇంకెవత్తైనా ఉందా?"

"లేదమ్మా."

"మరేంటి?"

పోయినేడు రోబినాకి మలేరియా వచ్చి దుప్పటి మీదే వాంతి చేసుకుంటే, వాసనకి ముఖం కూడా చిట్లించకుండా కిజితో దాన్ని ఉతికి ఆరేశాడు. ఆ తర్వాత మూడు వారాలు గులూ పట్నంలో పనికి వెళ్ళాడు. ఆ మూడు వారాల్లో ఒక్క రోజూ అతను లేడన్న వెలితి కలగలేదు ఆమెకి. అతను బస్సు దిగిన రోజున పరిగెత్తుకెళ్ళి కౌగలించుకుంది, ఆ వెలితి లేనందుకు సిగ్గేసి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పమంటే ఎవరికి చెప్తుంది? ఒకటి చెప్తే రెండోది అబద్ధం అవుతోంది.

"తెలీదమ్మా," అంది.

"తెలీకపోతే చేసుకున్నాక తెలుస్తుంది. నాకు మీ నాన్న ముఖం పెళ్ళయ్యాక రెండో రోజు తెలిసింది." ఆవిడ తొక్కలన్నీ ఎత్తి పక్కింటావిడ మేకకి వేయమని ఇచ్చి, చేతులకంటిన జిగురు రుద్దుకుంటూ మెల్లిగా అంది, "మీ నాన్న ఈ వారం నిద్ర బాగా పోతున్నాడే. ఆ ఒక్క సంగతి గుర్తుపెట్టుకో."

ఆ సాయంత్రం రోబినా దర్జీ దగ్గరకు వెళ్ళి భుజాల కొలత ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేది. దర్జీ టేపు పట్టుకుని నిలబడితే చేతులు వాటంతటవే పైకి లేచాయి.

శుక్రవారం మధ్యాహ్నం సెలవు అడిగి కిజితో పని చేసేచోటికి వెళ్ళింది. ఊరవతల బడి ఆవరణలో బోరు మోటారు చెడిపోయింది. కిజితో, ఇంకో ఇద్దరు పనివాళ్ళు మూడు కాళ్ళ ఇనుప దన్ను నిలబెట్టి, గిలక మీదుగా తాడు వేసి, బోరులోంచి పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతున్నారు. ఒక పైపు మొత్తం బయటికి రాగానే, దాని కింది పైపు మెడకి క్లాంపు బిగించి, పైది రెంచితో విప్పి పక్కన పడుకోబెట్టాలి. క్లాంపు సరిగ్గా పడకపోతే అడుగున ఉన్న మోటారుతో సహా అంతా నలభై మీటర్ల లోతుకు పోతుంది.

"రెండు నిమిషాలు," అన్నాడు ఆమెను చూసి. అతని నుదుటి మీద నూనె మరక ఉంది. "ఆ రెంచి ఇలా పట్టుకో. వదలకు."

రెంచి పట్టుకుంది. అతను రెండో రెంచి తగిలించి దాని మీదికి వాలాడు. పైపు కిర్రుమని కదిలింది. ఇద్దరూ ఒకే వైపు తిప్పకూడదు, ఒకరు ఆపాలి, ఒకరు తిప్పాలి. అది ఏ మాటా అక్కర్లేకుండా కుదిరింది. ఏడేళ్ళలో ఇలాంటివి చాలా కుదిరాయి.

పైపు పక్కన పెట్టాక కిజితో గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెట్టు నీడకి వచ్చాడు.

"దర్జీ చెప్పింది నాకు," అంది రోబినా.

అతను తుడుచుకోవడం ఆపాడు. "మీ అమ్మ చెప్తానంది నీతో."

"నువ్వెందుకు అడగలేదు?"

"అడుగుదామనే అనుకున్నా. మొన్న ఆదివారం అనుకున్నా. అంతకుముందు వారం కూడా."

"వద్దంటానని భయపడ్డావా?"

కిజితో నేల మీద పడి ఉన్న పైపుల వైపు చూశాడు. "ఏమంటావో తెలియలేదు. ఏడేళ్ళయినా నువ్వేమంటావో నాకు తెలియలేదు చూడు. అది తలుచుకుంటేనే భయమేసింది." గుడ్డ మడుస్తూ అన్నాడు, "మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఒకరి కూతురి వయసంతా నమిలేశావురా అంది. అన్నయ్య కారు మాట్లాడేశాడు. తెల్ల అంగీలు ఉతికించారు. నేను ఉత్తరం రాయలేదు కూడా, అన్నయ్యే రాశాడు. నేను సంతకం పెట్టాను."

"నీకు రావాలని ఉందా?"

"నీకు వద్దని ఉందా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అడిగిన ప్రశ్నకి ప్రశ్నే జవాబు కావడం ఇద్దరికీ అర్థమైంది. బోరు దగ్గర్నుంచి పనివాడు, "అన్నా, తాడు జారుతోంది," అని కేకేశాడు. కిజితో పరిగెత్తాడు.

శనివారం బుకులులా ఊళ్ళో మేనత్త పెర్పెటువా ఇంటి ముందు నేలంతా ఊడ్చి నీళ్ళు చల్లారు. హాల్లో కుర్చీలకి కుట్టుపని చేసిన తెల్ల గుడ్డలు కప్పారు. కింద కొత్త చాపలు. వెనక వంటింట్లో మటోకె చుట్టిన అరిటాకుల మూట నుంచి ఆవిరి లేస్తోంది. వేరుశనగల పులుసు కుతకుతమంటోంది. రోబినా ఊదా గౌనులో ఒక గదిలో కూర్చుంది. భుజాల దగ్గర నిలబడిన గౌను కొనలు చెవులకి తగులుతున్నట్టే ఉన్నాయి. నడుంపట్టీ వాళ్ళమ్మ బిగించి కట్టింది, ఊపిరి పైపైనే ఆడుతోంది.

పెళ్ళి సంబంధం తెచ్చేవాళ్ళు ముందు రావలసింది మేనత్త ఇంటికే. ఆవిడ ఉత్తరం పుచ్చుకుని తండ్రికి అందిస్తే, తండ్రి పెద్ద వేడుకకి రోజు పెడతాడు. అంచేత అందరికంటే ముందు ఈ సంబంధం గురించి పట్టుబట్టింది కూడా పెర్పెటువాయే. రెండేళ్ళుగా ప్రతి పండక్కీ, ప్రతి చావుకీ రోబినాని పక్కకి లాగి, "ఏమంటున్నాడు నీ మోటార్లవాడు? ఇంకా ఎన్నాళ్ళు సాగదీస్తావు?" అని అడిగింది.

కారు ఆగిన చప్పుడైంది. కిటికీ తెరలోంచి రోబినా చూసింది. నలుగురు మగవాళ్ళు, తెల్లని పొడుగు అంగీలు, పైన నల్ల కోట్లు. కిజితో అన్న సెంపా ముందు నడుస్తున్నాడు. కిజితో చివర్న, చక్కెర సంచి మోసుకుంటూ. మిగతా ఇద్దరి చేతుల్లో రొట్టెలు, మాంసం, సబ్బుల పెట్టె.

హాల్లో పలకరింపులు చాలాసేపు సాగాయి. ఎలా ఉన్నారు, మీ ఊళ్ళో అందరూ ఎలా ఉన్నారు, దారి ఎలా ఉంది, వానలెలా ఉన్నాయి. నమలడానికి వేయించిన కాఫీ కాయల బుట్ట చేతులు మారింది. తర్వాత సెంపా గొంతు సవరించుకోవడం వినిపించింది. అప్పుడు పెర్పెటువా, "కాస్త కూర్చోండి నాయనా, లోపలికెళ్ళి మా పిల్లని చూసొస్తాను," అని లేచి గదిలోకి వచ్చి తలుపు వేసింది. వెనకే రోబినా తల్లి కూడా రాబోతే, "నువ్వు పులుసు చూడు వదినా," అంది.

మేనత్త మంచం మీద కూర్చుంది. లావుపాటి మనిషి. మోకాళ్ళు పట్టుకుని కూర్చోవాలి. "సరే. ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను, నువ్వు చెప్పాల్సింది చెప్పు, బయటికెళ్ళి ఉత్తరం పుచ్చుకుని వడ్డిద్దాం. వీళ్ళు తెలుసా నీకు?"

"తెలుసు."

"కిజితో కోసం వచ్చారు. పుచ్చుకోనా ఉత్తరం?"

ఏడేళ్ళలో ఈ మాట ఆమెని అడిగిన మొదటి మనిషి ఈవిడ. అడిగింది కూడా ఆచారం కాబట్టి. అయినా అడిగింది.

"తెలీదత్తా."

"తెలీదా?"

"అతను మంచివాడు. వద్దంటే నేను పాపం చేసినట్టు ఉంటుంది. పుచ్చుకోమంటే ఏదో అబద్ధం చెప్పినట్టు ఉంటుంది. రోజూ పొద్దున అవుననుకుని, సాయంత్రం కాదనుకుంటున్నా. నాకు నిజంగా తెలీదు."

"పిచ్చిదానా, తెలీదనే మాట మోసుకుని హాల్లోకి ఎట్లా వెళ్ళను? అవును, కాదు. ఈ రెండే ఉన్నాయి నా దగ్గర. బయట నలుగురు మగాళ్ళు కూర్చున్నారు, మటోకె ఉడికింది, మీ నాన్న ఊళ్ళో ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు."

"తెలుసు."

"ఇంకెవడన్నా మనసులో ఉన్నాడా?"

"లేడు."

"వీడు పోతే ఏడుస్తావా?"

రోబినా ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, చెప్పడానికి. "ఏడుస్తాను. కానీ ఎందుకేడుస్తానో తెలీదు."

మేనత్త చెయ్యి చాపి రోబినా నడుంపట్టీ ముడి రెండు వేళ్ళతో వదులు చేసింది. "ఊపిరి పీల్చుకో," అంది. "నన్ను మా మేనత్త ఈ మాట అడగలేదు. లోపలికొచ్చింది, నా జడ సరిచేసింది, బయటికెళ్ళి అవునంది. నేను తలుపు వెనకనుంచి విన్నాను, నేను అవునన్నానని." ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "మీ అమ్మ నన్ను చంపుతుంది. సరే."

తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. రోబినా తలుపు సందు దగ్గర నిలబడింది.

పెర్పెటువా హాల్లో తన చాప మీద కూర్చుని, గౌను సర్దుకుని అంది, "నాయనలారా, మా పిల్లని అడిగాను. తెలియదంది. తెలియదన్న పిల్ల పేరుమీద నేను ఉత్తరం పుచ్చుకోలేను."

సెంపా చేతిలో కవరు అలాగే గాల్లో ఉండిపోయింది.

"అత్తగారూ," అన్నాడు సెంపా. గొంతులో మర్యాద ఉంది, దాని కింద కోపం ఉంది. "ఏడేళ్ళు. ఇంకా ఏం తెలియాలి?"

"అదే నేనూ అడిగాను. అదీ తెలియదంది."

"ఇది నవ్వులాటలా ఉందా మీకు?"

"లేదు నాయనా. ఈ వయసులో ఇంటికొచ్చిన వాళ్ళకి ఈ మాట చెప్పాల్సి రావడం నాకు నవ్వులాట కాదు. కాదనలేదు ఆ పిల్ల. అవుననలేదు. మీరు మా ఇంటికి వచ్చారు, భోంచేసి వెళ్ళాలి."

వంటింటి వైపునుంచి రోబినా తల్లి "అయ్యో దేవుడా," అన్న మాట స్పష్టంగా వినిపించింది.

రోబినా కిజితో వైపే చూస్తోంది. అతను తలవంచుకుని ఉన్నాడు. కోటు కింద బిగిసి ఉన్న భుజాలు నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి, కిందికి దిగాయి. మూసి ఉన్న పిడికిలి తెరుచుకుంది. అతను గాలి వదిలాడు, పొడుగ్గా, బరువేదో దించినవాడిలా.

రోబినాకి కావలసిందే జరిగింది. అయినా అది చూడగానే, ఊపిరి ఆడాల్సింది పోయి, ఎవరో మొహం మీద తలుపు వేసినట్టయింది.

భోజనానికి ముందు అతిథుల చేతులు కడగాలి. వాళ్ళమ్మ ఏడుపు ముఖంతో బయటికి రాలేనంది. రోబినాయే గిన్నె, చెంబు పట్టుకుని వెళ్ళి ఒక్కొక్కరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు పోసింది. సెంపా ఆమె ముఖం చూడకుండా చేతులు చాపాడు. చివర్న కిజితో దగ్గరకొచ్చింది. అతని గోళ్ళ అంచుల్లో నిన్నటి నూనె మరక ఇంకా ఉంది. సబ్బు రాసుకుని నింపాదిగా రుద్దుకున్నాడు. తర్వాత పళ్ళెం నిండా మటోకె పెట్టించుకుని పులుసు పోసుకుని, వారం రోజులుగా తినని మనిషిలా తిన్నాడు. మిగతా ముగ్గురూ ముద్ద ఎత్తలేదు.

బయల్దేరేటప్పుడు చక్కెర సంచి దగ్గర చిన్న గొడవైంది. ఉత్తరం పుచ్చుకోనప్పుడు సామాను ఉంచుకోకూడదని పెర్పెటువా అంది. వాటిని తిరిగి మోసుకుపోతే దారంతా ఎవరింట్లో దొంగతనం చేశారని అడుగుతారన్నాడు సెంపా. చివరికి రొట్టెలూ మాంసమూ ఇక్కడే ఉండిపోయాయి, చక్కెర, సబ్బులు కారెక్కాయి.

కిజితో కారు అవతలి పక్కకి, అరటితోట అంచుకి వచ్చాడు. రోబినా కూడా వెళ్ళింది.

"నీకు తేలికైంది," అంది.

అతను అబద్ధమాడలేదు. "అయింది. నీకు?"

"అవుతుందనుకున్నా."

"ఏమైంది మరి?"

"నువ్వు తేలికపడటం చూశాను."

కిజితో ముఖం మారింది. చాలాకాలం తర్వాత అతను ఆమెని సరిగ్గా, తిన్నగా చూశాడు. అన్న కారులో హారన్ కొడుతున్నా పట్టించుకోలేదు. "రోబినా, ఇప్పుడు ఎవరూ లేరు. నేనే అడుగుతున్నా. నన్ను చేసుకుంటావా?"

అవునన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు. అనేస్తే ఇప్పుడే సెంపా మళ్ళీ కవరు తీస్తాడు, అమ్మ ఏడుపు ఆగుతుంది, ఊళ్ళో నాన్న ఫోను మోగుతుంది. కానీ ఆ మాట అతను కావాలని వచ్చింది కాదు. అతని భుజాలు అలా దిగినందుకు వచ్చింది. ఈ ఒక్కటీ ఆ రోజంతటిలో ఆమెకి స్పష్టంగా తెలిసింది.

"నేను అవునంటే నీకెలా ఉంటుంది?" అని అడిగింది. "ఇప్పుడు, ఈ నిమిషంలో. అబద్ధం చెప్పకు."

అతను నోరు తెరిచాడు. ఏమీ అనలేదు. అరటాకులు గాలికి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆమె అతనికి చాలా సమయం ఇచ్చింది. హారన్ మళ్ళీ మోగింది.

"వెళ్ళు," అంది మెల్లిగా.

ఇంట్లో వాళ్ళమ్మ ఆమెతో మాట్లాడలేదు. మేనత్తతో మాత్రం చాలా మాట్లాడింది. ఏడేళ్ళు నోట్లో పెట్టుకున్నదాన్ని చివర్న ఉమ్మేయించావంది. నీ కూతురైతే ఇలాగే చేసేదానివా అంది. పెర్పెటువా మాంసం ముక్కలు కోస్తూ అన్నీ విని, "నా కూతురైతే ఈ పని వాళ్ళ మేనత్త చేసేది," అంది. నాన్న ఫోన్ చేసి, "నువ్వు తిన్నావా?" అని అడిగి పెట్టేశాడు.

మంగళవారం మధ్యాహ్నం రోబినా జల్లెడ బల్ల దగ్గర ఉండగా కిజితో ఫోన్ చేశాడు. ఆమె గోదాం వెనక మెట్ల మీదకు వెళ్ళింది.

"మూడు రోజులు ఆలోచించా," అన్నాడు. "నువ్వడిగినదానికి."

"చెప్పు."

"అవునంటే నాకు భయమేస్తుంది. కాదంటే ఏడుపొస్తుంది. భయం పోతుందేమోనని చూశాను. పోవట్లేదు."

"నాకూ పోవట్లేదు."

"మనం మంచివాళ్ళమే కదా, రోబినా? మరి ఎందుకిట్లా?"

"తెలీదు."

అతను చిన్నగా నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. తర్వాత బడి బోరు గురించి చెప్పాడు. చివరి పైపు దగ్గర తాడు తెగబోయిందట, ముగ్గురూ కలిసి పట్టుకున్నారట, మోటారు బయటపడిందట, పిల్లలు చప్పట్లు కొట్టారట. చాలా బాగా చెప్పాడు. ఈ రెండేళ్ళలో ఏదీ ఇంత బాగా చెప్పలేదు. ఆమె మధ్యమధ్యలో ప్రశ్నలు అడిగింది.

"నీ సామాన్లు కొన్ని నా దగ్గరున్నాయి," అన్నాడు.

"హరియెట్‌ని పంపిస్తాను."

"సరే. ఉంటా మరి."

"ఉండు."

ఫోను చీకటైంది. లోపల ఎవరో బస్తా దబ్బున పడేశారు. రోబినా కళ్ళు తుడుచుకుంది. మనసు బోలుగా ఉంది, తేలిగ్గానూ ఉంది, ఏది ఏదో తెలియట్లేదు. ఇంత పెద్ద సంగతి ఒంటరిగా మోయలేక వెంటనే ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. వేలు దానంతటదే వెళ్ళి ఒక పేరు మీద ఆగింది. చూసుకుంటే, అది కిజితో పేరు.